పట్టిక పోయింది, లెక్క మిగిలింది

మొన్న శుక్రవారం రాత్రి మా నర్సీపట్నంలో వాన పడుతుండగా వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. పంపింది మా ఎదురింటి అమ్మాయి. చింతపల్లిలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. ఫొటోలో పై సగమంతా నల్లటి మరక. జిరాక్సు తీసినప్పుడే కాగితం మడతపడిందట. పట్టిక ఉండాల్సిన చోట ఏమీ లేదు, కింద ప్రశ్న మాత్రం శుభ్రంగా ఉంది.

పది బెల్లం దిమ్మల బరువుల పట్టిక అది. సగటు 12 కిలోలు, ప్రామాణిక విచలనం 2 కిలోలు. పట్టికలో ఒక దిమ్మ బరువు 13 బదులు 8 అని తప్పుగా పడింది. సరిచేశాక సగటు, మధ్యగతం, ప్రామాణిక విచలనం ఎంత? పక్కనే అనకాపల్లి బెల్లం మార్కెట్ ఉండగా లెక్కల మాస్టార్లకు వేరే ఉదాహరణ ఎందుకు తడుతుంది?

"తాతగారూ, పట్టిక లేకుండా ఈ లెక్క అవుతుందా?" అని కింద ఒక ముక్క రాసింది.

మూడింట రెండు వంతులు అవుతుంది. ఆ మిగిలిన వంతు గురించే ఈ వారం రాయాలనిపించింది.

సగటు సంగతి ముందు చూద్దాం. పది దిమ్మల సగటు 12 అంటే మొత్తం బరువు 120 కిలోలు. ఏ దిమ్మ ఎంతో తెలియక్కర్లేదు. అందులోంచి తప్పు 8 తీసేసి 13 కలిపితే 125. కొత్త సగటు 12.5. ఇంతవరకు చిన్న క్లాసు పిల్లలైనా చేస్తారు.

ప్రామాణిక విచలనం దగ్గరే చాలామంది ఆగిపోతారు. ప్రతి బరువులోంచి సగటు తీసేసి, వచ్చిన తేడాని వర్గం చెయ్యాలి కదా, బరువులే లేవే అంటారు. కానీ ఆ సూత్రానికి ఇంకో రూపం ఉంది:

σ² = Σx²/n − (సగటు)²

దీన్ని వెనక్కి తిప్పితే బరువుల వర్గాల మొత్తం బయటపడుతుంది. విచలనం 2, దాని వర్గం 4. సగటు వర్గం 144. రెండూ కలిపితే 148, పది దిమ్మలకు 1480. ఇప్పుడు 8 వర్గం 64 తీసేసి, 13 వర్గం 169 కలిపితే 1585. పదితో భాగిస్తే 158.5. కొత్త సగటు వర్గం 156.25 తీసేస్తే 2.25. వర్గమూలం 1.5. పట్టిక ముఖం చూడకుండానే జవాబు వచ్చింది.

ఇక్కడ పిల్లలు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. చివర్లో కొత్త సగటు బదులు పాత సగటు వర్గం 144 తీసేస్తారు. అప్పుడు 14.5 మిగిలి, విచలనం దాదాపు 3.8 అని తేలుతుంది. మందకు దూరంగా ఉన్న 8ని తీసి మధ్యలోకి తెచ్చాక చెదురు తగ్గాలి గానీ పెరగడమేమిటి? ఆ ప్రశ్న వేసుకుంటే తప్పు అక్కడే దొరికిపోతుంది.

ఇంకో చిక్కు పుస్తకంలో కనిపించదు. ఆ 2 ఎలా వచ్చింది? మన ఇంటర్ పుస్తకం n తో భాగిస్తుంది. క్యాలిక్యులేటర్లో n−1 మీట నొక్కినా, ఎక్సెల్లో STDEV.P బదులు STDEV.S వాడినా పదికి బదులు తొమ్మిదితో భాగించినట్టు. ఆ 2 అలా వచ్చినదైతే వర్గాల మొత్తం 1480 కాదు, 1476. సరిచేసిన విచలనం 1.5 బదులు దాదాపు 1.43. పట్టిక ఉంటే ఒకసారి లెక్కకట్టి ఏ పద్ధతో పట్టుకోవచ్చు. అది లేనప్పుడు ఏది అనుకున్నామో జవాబు పక్కన రాసి తీరాలి.

అంటే ఎన్ని దిమ్మలు, బరువుల మొత్తం, వర్గాల మొత్తం అనే మూడు అంకెలు చేతిలో ఉంటే సగటుకూ విచలనానికీ పట్టికతో పనిలేదు. ఈ ఊహను లోతుగా తవ్వినవాళ్లలో మనవాడొకడున్నాడు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎమ్మే చదివి కలకత్తా వెళ్లిన కల్యంపూడి రాధాకృష్ణారావు. తల్లిదండ్రులకు ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారట. 1945లో అచ్చయిన ఆయన వ్యాసంలో, తర్వాత రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం అని పేరుపడిన ఫలితం ఉంది. దత్తాంశంలోని సమాచారమంతా ఇమిడిన సారాంశం ఒకటి దొరికితే, ఏ అంచనానైనా దాని ఆధారంగా సవరించవచ్చు, సవరించినది పాతదానికన్నా అధ్వానం కాదు అని దాని తాత్పర్యం. అయితే ఒక షరతుంది. మన మూడు అంకెలు అలాంటి సారాంశం కావాలంటే బరువులు గంట ఆకారపు వక్రరేఖను అనుసరించాలి. ఆ షరతు తప్పితే పట్టికతో పాటు సమాచారమూ పోయినట్టే.

మధ్యగతం దగ్గర ఆ షరతు నిలిచినా లాభం లేదు. బరువుల్ని వరసలో పేర్చి, పదింటిలో ఐదోది, ఆరోది తీసుకుని వాటి సగటు కట్టాలి. మొత్తాలు తెలిస్తే వరస తెలియదు. నేనా రాత్రి రెండు పట్టికలు అల్లాను. మొదటిది: 8, 11, 11, 11, 12, 12, 12, 13, 14, 16. రెండోది: 8 రెండుసార్లు, 13 ఎనిమిదిసార్లు. కూడి చూడండి, రెండూ 120. వర్గాలు కూడండి, రెండూ 1480. ఇప్పుడు రెండింట్లోనూ ఒక 8ని 13 చెయ్యండి. మొదటిదానిలో మధ్యగతం 12, రెండోదానిలో 13. ప్రశ్నలో ఉన్న అంకెలకు రెండు పట్టికలూ సమానంగా సరిపోతాయి. ఏది అసలుదో ఏ సూత్రమూ చెప్పలేదు.

బొత్తిగా చీకటేమీ కాదు. మధ్యగతం సగటునుంచి ఒక ప్రామాణిక విచలనం కన్నా ఎక్కువ దూరం పోలేదని హోటెలింగ్, సాలమన్స్ 1932లోనే నిరూపించారు. కాబట్టి మన మధ్యగతం 11కూ 14కూ మధ్య ఎక్కడో ఉంటుంది. ఒకవేళ వరసలో ఐదో, ఆరో బరువులు మనకు తెలిసి, తప్పు విలువా సరైన విలువా రెండూ ఆ రెండింటికీ ఒకే పక్కన ఉంటే, 8 బదులు 9 అయినట్టు, మధ్యగతం కదలదు. ఇక్కడ 8 మాత్రం కుప్పలో ఒక పక్కనుంచి ఇంకో పక్కకు దూకి ఉండవచ్చు, అందుకే ఆ సులువు కూడా దక్కలేదు.

నా తప్పు కూడా చెప్పాలి. ట్యూషన్ చెప్పే రోజుల్లో ఇలాంటి చిరిగిన కాగితమే ఒకటి వస్తే, బరువులు సగటుకు రెండు పక్కలా సమానంగా ఉంటాయిలే అనుకుని సగటునే మధ్యగతంగా రాయించాను. పిల్లవాడు నమ్మాడు. పుస్తకం దొరికాక చూస్తే జవాబు వేరు. ఆ ధీమా ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు. ఈసారి అమ్మాయికి ఇలా రాశాను: "సగటు 12.5, విచలనం 1.5, n తో భాగించినట్టయితే. మధ్యగతం ఇచ్చిన వివరాలతో తేలదు, 11 నుంచి 14 లోపు. పట్టిక పంపు."

ఆదివారం మధ్యాహ్నానికి స్నేహితురాలి దగ్గర మంచి ప్రతి సంపాదించి పంపింది. సరిచేశాక మధ్యగతం 12. నేను 12.5 అని పాత అలవాటు కొద్దీ రాసి ఉంటే తప్పయ్యేది. కింద ఇంకో సందేశం: "తాతగారూ, 11 నుంచి 14 లోపు అని రాస్తే మార్కులేస్తారా?"

మూల్యాంకనం చేసేది నేనైతే వేస్తాను అని మాత్రం చెప్పాను.