చారలు చూసి జీబ్రా అనొద్దు

పెద్దపల్లిలో మేము కొందరం కూర్చుని ఒక ఫొటో చూశాం. ఆదిలాబాద్ ఓజాల ఇత్తడి బొమ్మ అది. నాలుగు కాళ్లు, పొడుగు మెడ, తల మీద రెండు మొనలు, ఒళ్లంతా గీతలు. దాని కింద ‘జింక’ అని అచ్చయింది. ఒక పిల్లవాడు ‘జీబ్రా’ అన్నాడు. ఇద్దరూ పొరబడ్డారని మా అభిప్రాయం.

ముందు పనితనం వల్ల వచ్చిన వాటిని పక్కన పెట్టాలి. ఉషేగాం, కేస్లగూడ ఓజాలు మట్టితో లోపలి ఆకారం చేసి, దాని మీద తేనెమైనం దారాలు చుడతారు. పైన మళ్లీ మట్టి పూసి కాలిస్తే మైనం కరిగిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. మైనం దారం ఎట్లా చుట్టారో ఇత్తడిలో అట్లాగే గీతలు పడతాయి. అంటే ఆ చారలు జంతువు చర్మానివి కావు, దారానివి. కాళ్లు లావుగా ఉండడమూ అంతే. మరీ సన్నగా చేస్తే ఇత్తడి చివరిదాకా పారదు. కాబట్టి చారలతో, కాళ్ల లావుతో జంతువును పోల్చలేం.

తర్వాత, చేసినవాళ్లు కావాలని పెట్టిన వాటిని వెతకాలి. ఎద్దయితే మూపురం, గంగడోలు ఉండాలి. ఈ బొమ్మకు రెండూ లేవు. కొమ్ముల దుప్పి అయితే కొమ్ములకు కొమ్మలు ఉండాలి. ఇక్కడి మొనలు పొట్టిగా, ఆకుల్లా ఉన్నాయి. అవి చెవులు. మెడ వెనక నిలువుగా ఒక పట్టీ అతికించారు, అది జూలు. తోక మొదటి నుంచే కుచ్చుగా కిందికి దిగింది. జింక తోక పొట్టిది, ఎద్దు తోకకు కుచ్చు చివరనే. నోటి నుంచి వీపు దాకా ఒక దారం ఉంది, అది కళ్లెం. ఇది గుర్రం.

అదే బొమ్మను ఎదురుగా తీసిన ఫొటో అయితే మేమూ తేల్చలేకపోయేవాళ్లం. జూలు, తోక, కళ్లెం అందులో కనబడవు. అప్పుడు ‘నాలుగు కాళ్ల జంతువు’ అని రాసి ఆగడమే నిజాయితీ. పక్క నుంచి ఇంకో ఫొటో అడగాలి, వీలైతే చేసినవాళ్లనే అడగాలి.

మన జిల్లా ధూళికట్ట స్తూపం రాతిఫలకాల మీద ముచిలింద నాగానికి ఎన్నో పడగలు. అన్ని తలల పాము అడవిలో ఉందా అని ఎవరూ వెతకరు. పడగను చూసి నాగుపామని గుర్తుపడతారు, పడగల లెక్క కథదని వదిలేస్తారు. రాతికి ఇచ్చిన ఆ మర్యాద ఓజాల ఇత్తడికి ఎందుకు దక్కదు? 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేతిపనికి పేరు దక్కింది గానీ, ఆ చేతులు చేసిన గుర్రం మాత్రం అచ్చులో జింకగానే ఉంది. కళ్లెం వేసిన జింకను ఓజాలు చేయలేదు. ఆ పేరు రాసినవాళ్లు కళ్లేన్ని చూడలేదు.