రాగిని కరిగించేది ఇనుము

రాగిని తినే బ్యాక్టీరియా ఉందటగా అని చాలామంది అడుగుతుంటారు. అలాంటిదేమీ లేదు. ముడిఖనిజం గుట్టల్లో పెరిగే అసిడిథయోబాసిల్లస్ ఫెర్రోఆక్సిడాన్స్‌కు రాగితో పనే లేదు. దానికి కావలసింది ఇనుము, గంధకం, గాలి. ఈ సంగతి గట్టిగా పట్టుకున్నవాళ్లకే గుట్టను చూసుకోవడం చేతనవుతుందని నా నమ్మకం.

అమెరికాలోని వెస్ట్ వర్జీనియా బొగ్గుగనుల నుంచి ఎర్రటి ఆమ్లపు నీళ్లు కారి వాగులను పాడుచేస్తుండేవి. ఆ నీళ్లలోని ఇనుమును ఆక్సీకరణం చేస్తున్నది సూక్ష్మజీవులేనని కోల్మర్, హింకిల్ 1947లో చూపించారు. 1951లో ఆ బ్యాక్టీరియాకు థయోబాసిల్లస్ ఫెర్రోఆక్సిడాన్స్ అని పేరు పెట్టారు. ఇప్పటి పేరు 2000లో వచ్చింది. వాగులను పాడుచేసిన ఆ రసాయన చర్యనే గనులవాళ్లు గుట్ట కింద పరచిన ప్లాస్టిక్ పొర మీద, తమ అదుపులో జరిపిస్తున్నారు.

రాతిలో రాగి గంధకంతో ముడిపడి ఉంటుంది. ఆ ముడి విప్పేది ఫెర్రిక్ ఇనుము. అది ఖనిజం నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుని తాను ఫెర్రస్‌గా మారుతుంది, రాగి నీటిలోకి దిగుతుంది. అంతటితో ఫెర్రిక్ పని అయిపోతుంది. దాన్ని మళ్లీ ఫెర్రిక్‌గా మార్చాలి. గాలి ఒక్కటే ఆ పని చేయాలంటే, అంత ఆమ్లంలో ఎంతకాలమైనా తెమలదు. బ్యాక్టీరియా దాన్ని లక్షల రెట్లు వేగంగా చేస్తుంది. ఫెర్రస్ నుంచి ఒక ఎలక్ట్రాన్ తీసుకుని ఆక్సిజన్‌కు అందిస్తుంది, ఆ మధ్యలో దొరికే కొద్దిపాటి శక్తితో బతుకుతుంది. ఆ శక్తి ఎంత తక్కువంటే, ఒక్క గ్రాము బ్యాక్టీరియా పెరగాలంటే వంద గ్రాములకు పైగా ఇనుమును ఆక్సీకరణం చేయాలి. మనకు లాభం అక్కడే ఉంది. దాని తిండిలో సత్తువ తక్కువ కాబట్టి, బతకడానికి విపరీతంగా ఇనుము తిప్పక తప్పదు.

ఈ పని ఎలా నడుస్తుందో చూడాలంటే నేను చిలీలోని కెబ్రాడా బ్లాంకా గనినే చెబుతాను. ఉత్తర చిలీలో, ఆండీస్ పర్వతాల మీద 4,400 మీటర్ల ఎత్తున ఉందది. గుట్టల్లో బ్యాక్టీరియాతో రాగి తీయడం అక్కడ 1994లో మొదలైంది. ఆ ఎత్తులో ఆక్సిజన్ సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో ఐదింట మూడు వంతులే. పైగా చలి. బ్యాక్టీరియాకు రెండూ గిట్టవు. అయినా ఆ గని ఏడాదికి దాదాపు 75,000 టన్నుల రాగి తీయగలిగింది.

అప్పట్లో అక్కడ తీసిన ఖనిజం చాల్కోసైట్. రాయిని సెంటీమీటరు లోపు ముక్కలుగా కొట్టి, తిరిగే డ్రమ్ములో వేడినీళ్లు, సల్ఫ్యూరిక్ ఆమ్లం చిలకరించేవారు. మిరపకాయ బజ్జీకి పిండి పట్టినట్టు సన్నటి పొడి పెద్ద ముక్కలకు అంటుకునేది. ఇది చేయకపోతే పొడి అడుగుకు జారి, నీటి దారులూ గాలి దారులూ మూసేస్తుంది. ఆ రాతిని ఆరు మీటర్లకు కాస్త అటూ ఇటూ ఎత్తున పేర్చేవారు. అడుగున పరిచిన గొట్టాల గుండా ఫ్యాన్లు గాలిని పైకి నెట్టేవి. పైనుంచి ఆమ్లపు ద్రావణం సన్నగా చుక్కలుగా దిగేది. చలి కోసం ఆ ద్రావణాన్ని వెచ్చబెట్టి పంపేవారు.

కొంచెం లెక్క చూద్దాం. చాల్కోసైట్‌లోని ఒక కిలో రాగి పూర్తిగా కరగాలంటే సుమారు 1.8 కిలోల ఫెర్రిక్ ఇనుము కావాలి. ద్రావణంలో ఉండేది లీటరుకు కొన్ని గ్రాముల ఇనుమే. అంటే ఉన్న ఇనుమే మళ్లీ మళ్లీ తిరగాలి. దాన్ని తిప్పడానికి కిలో రాగికి పావు కిలో ఆక్సిజన్ కావాలి. గుట్టలో పైరైట్ కూడా ఉంటే అదీ వాటాకు వస్తుంది. అందుకే ఫ్యాన్ల కరెంటు బిల్లు తగ్గిద్దామని ఎవరైనా అంటే నేను గట్టిగా అడ్డుపడతాను.

ఆమ్లం సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఇనుమును ఆక్సీకరణం చేసినప్పుడు ఆమ్లం ఖర్చవుతుంది. కిందికి కారిన ద్రావణంలోని రాగిని కిరోసిన్‌లో కలిపిన రసాయనంతో లాగి, విద్యుత్తుతో పలకలుగా పేరుస్తారు. ఆ దారిలో రాగి ప్రతి పరమాణువుకూ అంతే ఆమ్లం తిరిగి వస్తుంది. జమా ఖర్చూ సరిపోయాయి. కానీ రాతిలోని మిగతా ఖనిజాలు కూడా ఆమ్లం తాగుతాయి. ఆ లోటు పూడ్చడంలో గంధకం సాయపడుతుంది. రాగి వదిలేసిన గంధకాన్ని ఈ బ్యాక్టీరియా, దానికి చుట్టమైన అసిడిథయోబాసిల్లస్ థయోఆక్సిడాన్స్ సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఖనిజం మీద పేరుకునే గంధకపు పొరా అలా తొలగిపోతుంది. సున్నపురాయి ఎక్కువున్న రాతిని మాత్రం ఎంత గంధకమూ ఆదుకోలేదు. ఆ రాతిని ఈ పనికి తీసుకోకపోవడమే మంచిది.

ల్యాబులో గాజు గొట్టాల్లో రాయి నింపి ఇదే పని చిన్న ఎత్తున చేస్తాం. అడుగున కారే ద్రావణం మొదట్లో లేత ఆకుపచ్చగా ఉంటుంది. బ్యాక్టీరియా నిలదొక్కుకున్నాక టీ డికాక్షన్ రంగుకు తిరుగుతుంది. రంగును నమ్ముకోకుండా ప్లాటినం ఎలక్ట్రోడ్ ముంచి మిల్లీవోల్టులు చూస్తాం. సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి 400 దగ్గర ఉంటే ఇనుము ఎక్కువగా ఫెర్రస్. 550 దాటితే దాదాపు అంతా ఫెర్రిక్.

"సార్, రాగి ఆగిపోయింది. ఆమ్లం పెంచమంటారా?" అని మా కుర్రవాడొకడు అడిగాడు.

"ముందు మిల్లీవోల్టులు చెప్పు బాబూ" అన్నాను.

380 అన్నాడు. పీహెచ్ 1.7, అంటే ఆమ్లానికి కొరత లేదు. ఇనుము మొత్తం తగ్గలేదు, కానీ అంతా ఫెర్రస్‌గానే ఉండిపోయింది. ఆక్సీకరణమే జరగడం లేదన్నమాట. గాలి గొట్టం విప్పి చూస్తే మూతి దగ్గర బురద గడ్డకట్టి ఉంది. అది తీశాక కొన్నాళ్లకు రీడింగు పైకి లేచింది, రాగి మళ్లీ రావడం మొదలైంది. అదే పీహెచ్ 2.5 వైపు పోయి, ద్రావణంలో మొత్తం ఇనుమే పడిపోయి, రాళ్ల మీద పసుపుపచ్చటి పూత కనబడితే రోగం వేరు. ఆ పూత జారోసైట్. రాతి నుంచి వచ్చే పొటాషియంతో కలిసి ఫెర్రిక్ అలా గడ్డకడుతుంది. ఆమ్లం అడగాల్సింది అప్పుడు, అదీ పూత ముదరకముందే. ముదిరిందా, ఆ రాయిలోకి ద్రావణం మళ్లీ పోదు.

చాల్కోసైట్‌లోనూ రాగి అంతా ఒక్క తీరుగా రాదు. మొదటి సగం తొందరగా దిగుతుంది. ఆపైన మిగిలేది నీలిరంగు కోవెలైట్ వంటి ఖనిజం. దానికి ఫెర్రిక్ పాలు ఎక్కువ కావాలి, వెచ్చదనం కావాలి. మొదటి నెలల రాబడి చూసి మిగతాదీ అలాగే వస్తుందని లెక్క వేయకూడదని కొత్తవాళ్లకు పదేపదే చెబుతుంటాను.

ఇక చాల్కోపైరైట్ దగ్గర ఈ పద్ధతి చతికిలబడుతుంది. మధ్యప్రదేశ్‌లోని మలాంజ్‌ఖండ్‌లో ముఖ్యమైన రాగి ఖనిజం అదే. చాల్కోసైట్‌కు మేలు చేసిన ఎక్కువ మిల్లీవోల్టులే దీనికి కీడు. ఖనిజం ఒంటి మీద ఒక పొర ఏర్పడి, మామూలు వేడిమిలో కరగడం దాదాపు నిలిచిపోతుంది. మిల్లీవోల్టులను కావాలని తక్కువగా ఉంచడం, 60 డిగ్రీలకు పైన బతికే వేరే సూక్ష్మజీవులను వాడటం అనే రెండు దారులున్నాయి. పేద రాయి గుట్టను అంత వేడిగా నిలపడం మాత్రం మహా కష్టం. కెబ్రాడా బ్లాంకాలో పైనున్న చాల్కోసైట్ తరుగుతూ వచ్చింది, దాని కింద ఉన్నది చాల్కోపైరైట్. అందుకని అక్కడ రాయిని పిండి చేసి నురగలో ఖనిజాన్ని తేల్చే పెద్ద కర్మాగారం కట్టారు. 2023 నుంచి రాగి దానిలో వస్తోంది.