‘స్స’ ఏ విభక్తి? దండవగ్గ గాథ చెప్పే జవాబు

పాళిలో చతుర్థి, షష్ఠి రూపంలో కలిసిపోయాయి. అకారాంత పదాలకు ఏకవచనంలో ‘స్స’, బహువచనంలో ‘ఆనం’ రెండు విభక్తులకూ సరిపోతాయి. ‘బుద్ధస్స’ అన్న పదం విడిగా కనిపిస్తే అది బుద్ధుడికా, బుద్ధుడిదా అన్నది ఎంత పండితుడైనా చెప్పలేడు. ఈ పదాల్లో చతుర్థికంటూ సొంతంగా మిగిలింది ఏకవచనంలోని ‘ఆయ’ ఒక్కటే. హితాయ, సుఖాయ అన్నట్టు అదీ ఎక్కువగా ‘కోసం’ అనే అర్థంలోనే వస్తుంది. అందుకే గాథ చదివేవాడు ప్రత్యయాన్ని ఎంతసేపు చూసినా లాభం లేదు. ఆ పదం వాక్యంలో ఏ పదాన్ని పట్టుకుని ఉందో ముందు తేల్చుకోవాలి. విభక్తి పేరు పెట్టడం ఆ తర్వాతి పని. పూర్వపు పాళి వైయాకరణులూ అట్ఠకథాకారులూ ఈ క్రమాన్ని ఎంత సొగసుగా పాటించారో చూడాలంటే ధమ్మపదం దండవగ్గంలోని మొదటి రెండు గాథలు, అంటే 129, 130 చాలు. దెబ్బకు అందరూ వణుకుతారని, చావుకు భయపడతారని, ప్రాణం అందరికీ ఇష్టమని, కనుక తనతో పోల్చి చూసుకుని ఎవరినీ చంపకూడదు, చంపించకూడదని వాటి సారం.

ముందు ‘దండస్స’ చూద్దాం. ఇది నామవాచకాన్ని పట్టుకుని లేదు, వణుకుతారనే అర్థమున్న ‘తసంతి’ క్రియను పట్టుకుని ఉంది. కనుక దండం యొక్క అనే సంబంధార్థానికి ఇక్కడ చోటు లేదు. దండం కోసం అనే అర్థమూ కుదరదు, కాబట్టి ‘దండాయ’ పెట్టి చూసినా వాక్యం నిలవదు. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు లేరు గనుక దానార్థమూ కాదు. ఇక మిగిలింది భయానికి కారణమైన వస్తువు. పాణిని వ్యాకరణం ప్రకారం అక్కడ రావలసింది పంచమి. అంటే చతుర్థా, షష్ఠా అని మనం అడిగిన ప్రశ్నకు ఇక్కడ దొరికే జవాబు మూడోది: రూపం షష్ఠి, అర్థం పంచమి. కచ్చాయనుడి సంప్రదాయం ఈ ముడిని ఒక్క సూత్రంతో విప్పింది. ద్వితీయ, పంచమి అర్థాల్లో కూడా కొన్నిచోట్ల షష్ఠి వస్తుందని చెప్పి, వృత్తిలో ఈ గాథలోని మాటలనే ఉదాహరణగా చూపింది. సంస్కృతపు కొలతకు అందనిదల్లా తప్పు అనకుండా, భాషలో ఉన్నదాన్ని ఉన్నట్టు పట్టి నియమంగా చెప్పిన ఆ చూపును ఎంత మెచ్చుకున్నా తక్కువే.

ఇదంతా ఛందస్సు కోసం చేసిన సర్దుబాటు అని కొందరు తీసిపారేస్తారు. లెక్క వేసి చూస్తే ఆ మాట నిలవదు. ఎనిమిది అక్షరాల ఈ అనుష్టుప్పు పాదాల్లో బేసి పాదం చివరి భాగంలో ఐదోది లఘువు, ఆరు ఏడు గురువులు, ఎనిమిదోది ఏదైనా సరే. ‘దండస్స’ తీసేసి పంచమి రూపమైన ‘దండమ్హా’ పెట్టినా గణం చెదరదు. సరి పాదంలో ఏడో అక్షరం లఘువు కావాలి గనుక, చావుకు భయపడతారన్న చోట ఉన్న ‘మచ్చునో’ బదులు ‘మచ్చుమ్హా’ పనికిరాదు. కానీ ఉకారాంతాలకు పంచమిలో ‘మచ్చునా’ అనే రూపం కూడా ఉంది, అది చక్కగా ఇముడుతుంది. రెండు చోట్లా పంచమికి దారి తెరిచే ఉన్నా గాథ షష్ఠినే తీసుకుంది. దీనికి మించిన సాక్ష్యం ధమ్మపద అట్ఠకథలో ఉంది. వ్యాఖ్యాత వచనంలో రాస్తున్నాడు, అతనికి గణాల బెడద లేదు. అయినా వివరణలో ‘దండస్స’ అనే రాశాడు, ‘మచ్చునో’కు అర్థంగా ‘మరణస్స’ అన్నాడు. ఛందస్సు లేనిచోట కూడా అదే రూపం వచ్చిందంటే అది వాడుక, సర్దుబాటు కాదు.

‘సబ్బేసం’ దగ్గర చిక్కు ఇంకా సన్ననిది. దాని పక్కనే ‘జీవితం’, ఆ తర్వాత ‘పియం’ ఉన్నాయి. జీవితాన్ని పట్టుకుంటే ‘అందరి ప్రాణమూ ప్రియమైనది’ అవుతుంది. పియాన్ని పట్టుకుంటే ‘ప్రాణం అందరికీ ప్రియమైనది’ అవుతుంది. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని గాథలోని తర్కం మొత్తం దాని మీదే నిలిచి ఉంది. మొదటి అర్థంలో ఆ ప్రాణం ఎవరికి ప్రియమో తెలియదు. నన్ను నేను పోల్చుకోవాలంటే ఎదుటివాడిలోనూ నాలాంటి మమకారమే ఉందని ముందు తెలియాలి. అది రెండో అర్థంలోనే దొరుకుతుంది. వ్యాఖ్యాత ఇక్కడ చేసిన పని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఆసవాలు నశించిన అర్హంతుడిని మినహాయించి మిగతా ప్రాణులకు ఇది వర్తిస్తుందనీ, అతను బతుకు మీదా చావు మీదా ఉపేక్షతోనే ఉంటాడనీ అన్నాడు. ‘సబ్బేసం’ జీవితానికి అతుక్కుని ఉంటే ఈ మినహాయింపుకు అర్థమే లేదు. ప్రియంగా భావించేది ఎవరన్న ప్రశ్న ఉంటేనే అర్హంతుడిని పక్కన పెట్టాల్సి వస్తుంది. విభక్తి పేరు ఎత్తకుండానే అన్వయాన్ని తేల్చేశాడు.

మరి అది చతుర్థేనా అంటే, కాదు. సంస్కృతంలో ప్రియ శబ్దానికి షష్ఠి మామూలు. ఈ గాథకు సంస్కృతంలో ఉన్న తోబుట్టువు ఉదానవర్గంలో కనిపిస్తుంది. ఆ భాషలో రెండు విభక్తులూ విడిగా ఉన్నాయి గనుక అక్కడ ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. ఎంచుకున్నవి ‘దండస్య’, ‘సర్వేషాం’, రెండూ షష్ఠులే. ప్రాకృత రూపాన్ని యాంత్రికంగా సంస్కృతీకరించి ఉండవచ్చు కదా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. ‘దండస్య’ విషయంలో దాన్ని ఒప్పుకోవాలి, ఎందుకంటే ‘దండాత్’ అంటే ఒక అక్షరం తగ్గుతుంది. ‘సర్వేషాం’ విషయంలో ఒప్పుకోనక్కర్లేదు. ‘సర్వేభ్యో’ కూడా మూడు గురువులే, ఇబ్బంది లేకుండా ఇమిడేది. పాళి మాట్లాడినవారికి ఈ విభజన అక్కర్లేనప్పుడు మనకెందుకని ఇంకొందరు అడుగుతారు. విభక్తి పేరు వారికి అక్కర్లేదన్నది నిజమే కావచ్చు. ఏ పదం దేనికి చెందుతుందో మాత్రం వారికీ కావాలి, లేకపోతే ఆ మాట బోధపడదు.

ఈ విషయంలో తెలుగువాడికి పుట్టుకతో వచ్చిన వెసులుబాటు ఉంది. మన వ్యాకరణాలు ‘కొఱకు’, ‘కై’లను చతుర్థిలో పెట్టి, ‘కి’, ‘కు’లను ‘యొక్క’తో పాటు షష్ఠిలో చేర్చాయి. ‘ఆయ’ ఒకవైపు, ‘స్స’ మరోవైపు ఉన్న పాళి ఏర్పాటుకు ఇది చాలా దగ్గర. చావుకు భయపడటం, అందరికీ ప్రియం కావడం మన నోట తేలిగ్గా పలికే మాటలు. ఈ పోలిక పాళికి ప్రమాణం కాదు, ప్రమాణం పైన చెప్పిన సాక్ష్యాలే. కానీ ఇంత దగ్గరి దారి ఉండి కూడా, ‘స్స’ కనిపించిన ప్రతిచోటా ‘యొక్క’ అని ముద్రగుద్దే ప్రతిపదార్థాలు చూస్తే ఒళ్లు మండుతుంది. దండం యొక్క వణుకుతారట! అది తెలుగూ కాదు, పాళీ కాదు. పట్టికలు బట్టీపట్టి అనువాదానికి దిగేవాళ్లు, ఆ పట్టికలు రాసిన కచ్చాయనుడే కారకప్రకరణం కూడా రాశాడని మరిచిపోయారు. తెలుగులో ధమ్మపదం అచ్చువేయబోయే సంపాదకులకు ఒక్కటే విన్నపం: ప్రతి ‘స్స’కూ, ప్రతి ‘ఆనం’కూ అన్వయం ఏ పదంతోనో కింద ఒక్క వాక్యంలో రాయండి, అట్ఠకథ చూడకుండా ఏ గాథనూ అచ్చుకు పంపకండి.