పెదవి మొద్దుబారింది, పన్ను మాత్రం మేలుకునే ఉంది

పై దవడ ఎముక పల్చన. పన్ను పక్కన చిగుట్లో మత్తుమందు వేస్తే అది ఎముకలోంచి ఇంకి వేరు కొసకు చేరుతుంది. కింది దవడలో అలా కుదరదు. దవడపళ్ల దగ్గర బయటి ఎముక మందంగా, గట్టిగా ఉంటుంది కాబట్టి అక్కడ వేసిన లిగ్నోకేన్ లోపలికి చాలినంత పోదు. అందుకే దంతవైద్యులు పన్ను దగ్గర కాకుండా, ఆ పంటికి వెళ్లే నరం ఎముకలోకి దూరే చోటే దాన్ని పట్టుకుంటారు. ఆ నరం పేరు ఇన్ఫీరియర్ ఆల్వియోలార్ నరం. దవడ చివర నిలువుగా లేచే ఎముక లోపలి ముఖాన, ఇంచుమించు మధ్యలో ఉన్న రంధ్రం గుండా అది లోపలికి దిగుతుంది. అక్కణ్నుంచి పళ్ల వేళ్ల కింద సాగుతుంది. దాని కొమ్మ ఒకటి బయటికొచ్చి కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిస్తుంది.

1884లో కొకైన్‌కు మత్తు కలిగించే గుణం ఉందని తెలిసిన కొద్దికాలానికే అమెరికన్ సర్జన్ విలియం హాల్‌స్టెడ్ ఈ నరాన్ని నోటి లోపలినుంచి మొద్దుబార్చి చూపించాడు. మందు మారింది. 1943లో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిగ్నోకేనే ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉంది. సూది వెళ్లే దారి మాత్రం దాదాపు అదే. అయినా కింది దవడపళ్ల దగ్గర ఇది తప్పినన్నిసార్లు నోట్లో మరే ఇంజెక్షనూ తప్పదు. ఎందుకు తప్పిందో తేల్చుకోవాలంటే ముందు సరిగ్గా ఎలా వేయాలో తెలియాలి.

రోగి నోరు బాగా తెరవాలి. నిలువు ఎముక ముందు అంచు మీద బొటనవేలు ఆనించి కిందికి పైకి తడిమితే ఒకచోట గుంతలా లోపలికి వంగినట్టు తగులుతుంది. సూది ఎత్తును చెప్పే గుర్తు అదే. కింది దవడపళ్ల నమిలే తలానికి అది 6 నుంచి 10 మిల్లీమీటర్ల పైన ఉంటుంది. నోరు తెరిచినప్పుడు దవడపళ్ల వెనక నిలువుగా ఒక మడత సాగి కనిపిస్తుంది. బొటనవేలికీ ఆ మడతకీ నడుమ, మడత వైపుకే కాస్త దగ్గరగా సూది గుచ్చాలి. సిరంజి మాత్రం అవతలి వైపు చిన్న దవడపళ్ల మీదుగా రావాలి. 20 నుంచి 25 మిల్లీమీటర్లు వెళ్లాక సూది మొన ఎముకకు తగులుతుంది. ఒక మిల్లీమీటరు వెనక్కి తీసి, పిస్టన్ లాగి రక్తం రావడం లేదని చూసుకుని, అప్పుడు నిమిషం పాటు నెమ్మదిగా మందు వదలాలి. 2 మిల్లీలీటర్ల సిరంజిలో సుమారు 1.5 నరానికి, సూది వెనక్కి తీస్తూ కొంచెం నాలుక నరానికి, మిగిలింది బుగ్గ వైపు చిగురుకు సరిపోతుంది. ఇక్కడ ఒక చిన్న సంగతి పెద్ద తేడా తెస్తుంది. అంగుళం సూది ఈ పనికి చాలదు. మొదలంటా దింపినా అది నరం దాకా వెళ్లకపోవచ్చు, పైగా మొదలు దగ్గర విరిగే ప్రమాదం ఉంది. ఒకటిన్నర అంగుళం సూది వాడాలి.

సూది సరైన చోట ఉందో లేదో ఎముకే చెబుతుంది. సగం దూరం పోకముందే ఎముక తగిలితే మొన మరీ ముందుకు ఉందన్నమాట. అప్పుడు సూదిని కొంచెం వెనక్కి తీసి, సిరంజిని మందు వేస్తున్న వైపుకు జరిపి మళ్లీ లోపలికి పోనివ్వాలి. 25 మిల్లీమీటర్లు దాటినా ఎముక తగలకపోతే మొన వెనక్కి పోయిందన్నమాట. అక్కడ మందు వదలకూడదు. వదిలితే లాలాజల గ్రంథిలో ఉన్న ముఖ నరం మొద్దుబారి, కొన్ని గంటలు ఆ వైపు కన్ను మూతపడదు. సిరంజిని అవతలి పెద్ద దవడపళ్ల వైపు జరిపి ఎముకను వెతకాలి.

ఇక తప్పిపోవడంలో రెండు రకాలున్నాయి. వాటిని విడదీసి చూపేది పెదవి.

మొదటి రకంలో పది నిమిషాలైనా పెదవి మొద్దుబారదు. ఇది సూది తప్పు. సాధారణంగా మందు మరీ కిందికి, రంధ్రానికి దిగువన పడి ఉంటుంది. నాలుక తిమ్మిరెక్కి పెదవి మామూలుగానే ఉంటే మందు ముందుకో పైపైనో పడిందని అర్థం. ఎందుకంటే నాలుక నరం అక్కడే, కొంచెం ముందుగా ఉంటుంది. దీనికి మందు ఒకటే: ఇంకాస్త పైన, ఎముక తగిలేదాకా, మళ్లీ వేయడం.

రెండో రకం మనిషిని అయోమయంలో పడేస్తుంది. రెండు రోజులుగా నిద్రలేని ఒక టీచరమ్మ కుడి కింది మొదటి దవడపన్ను చూపించుకోవడానికి వచ్చింది. చన్నీళ్లు తగిలితే పోటు మొదలై నిమిషాల తరబడి ఆగడం లేదు. పంటి లోపలి గుజ్జు కోలుకోలేనంతగా వాచింది కాబట్టి రూట్ కెనాల్ చేయాలి. ఇంజెక్షన్ వేశాక అయిదు నిమిషాల్లో పెదవి బరువెక్కింది. చిగురు గుచ్చినా తెలియలేదు. పదిహేను నిమిషాలు ఆగి, చల్లని స్ప్రే కొట్టిన దూది పంటికి ఆనిస్తే మాత్రం ఆమె ఉలిక్కిపడి “అమ్మా, ఇంకా జివ్వుమంటోంది డాక్టర్‌గారూ” అంది.

ఇక్కడ సూది తప్పలేదు. పెదవి మొద్దుబారిందంటే మందు నరానికి అందిందనే. కానీ పెదవి నిద్రపోయినంత మాత్రాన పన్ను నిద్రపోయినట్టు కాదు. ఆరోగ్యంగా ఉన్న పంటిలో కూడా లోపలి మత్తు పెదవి కంటే ఆలస్యంగా, ఒక్కోసారి పదిహేను నిమిషాలకు వస్తుంది. వాచిన పంటిలో కష్టం ఇంకా ఎక్కువ. వాపులో పుట్టే రసాయనాలు నొప్పి నరాలను చిన్న తాకిడికే రేగేలా చేస్తాయి. ఆ నరాల మీద లిగ్నోకేన్‌కు అంత సులువుగా లొంగని సోడియం ద్వారాలు పెరుగుతాయి. వాచిన చోట ఆమ్లత్వం మందును చంపేస్తుందనే మాట తరచు వినిపిస్తుంది. చీము ఉన్నచోటే సూది గుచ్చితే అది నిజం. ఇక్కడ మందు పడింది పంటికి ఎంతో దూరంగా, ఆరోగ్యంగా ఉన్న కణజాలంలో. కాబట్టి ఈ వైఫల్యానికి ఆ కారణం సరిపోదు.

కొందరిలో శరీర నిర్మాణం కూడా తోడవుతుంది. మైలోహయాయిడ్ నరం రంధ్రానికి పైనే విడిపోయి, నాలుక వైపునుంచి దవడపంటికి పాయలు పంపుతుంది. అందుకే కొందరికి ఆ పంటి పక్కన నాలుక వైపు కాసింత మందు వేస్తే గుణం కనిపిస్తుంది.

పెదవి అప్పటికే మొద్దుబారిన టీచరమ్మకు అదే ఇంజెక్షన్ మళ్లీ వేస్తే ఒరిగేది తక్కువ. దారి మార్చాలి. ఆమెకు పంటి పక్కన బుగ్గ వైపు 4 శాతం ఆర్టికేన్ ఒక కార్ట్రిడ్జ్ వేశాం. లిగ్నోకేన్ కంటే ఇది ఈ గట్టి ఎముకలోకి మెరుగ్గా ఇంకుతుంది. పది నిమిషాల తర్వాత చల్లదనం తెలియలేదు. డ్రిల్ డెంటిన్ దాటేదాకా ఆమె నిశ్చింతగా ఉంది. గుజ్జు తెరుచుకునే క్షణంలో మళ్లీ పోటు వచ్చింది. చల్లదనం తెలియకపోవడం మంచి సూచనే గానీ పూర్తి హామీ కాదు. ఒక్క క్షణం గట్టిగా నొస్తుందని ముందే చెప్పి, ఆ చిన్న రంధ్రంలోకే ఒత్తిడితో రెండు చుక్కలు ఎక్కించాం. మందు ఎంతన్నది కాదు, ఆ ఒత్తిడే పనిచేస్తుంది. రంధ్రం పెద్దదైతే మందు వెనక్కి కారిపోతుంది. పైగా వేసేటప్పుడు నొస్తుంది కాబట్టి దీన్ని ఆఖరి ఉపాయంగా ఉంచుకుంటాం. దీనికి ముందు మెట్టుగా పన్నుకూ ఎముకకూ మధ్య సందులో, ఒక్కో వేరు పక్కన 0.2 మిల్లీలీటర్లు ఒత్తి వేసే పద్ధతి కూడా ఉంది. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, ఆస్పిరిన్ లాంటి మందులు పడకపోవడం వంటివి లేనివాళ్లకు, గంట ముందు ఐబుప్రోఫెన్ ఇస్తే ఇంజెక్షన్ పట్టే అవకాశం కొంత పెరుగుతుంది.

కాబట్టి కుర్చీలో కూర్చున్నవాళ్లు “మొద్దుబారిందా?” అనే ప్రశ్నకు అవునని ఊరుకోవద్దు. పెదవి మొద్దుబారిందా, పంటికి చల్లన తెలుస్తోందా, రెండూ విడివిడిగా చెప్పాలి. ఆ రెండు జవాబులూ అందాకే డాక్టరు డ్రిల్ చేతిలోకి తీసుకోవాలి. మొదటిదానికి జవాబు “లేదు” అయితే సూదిని సరిదిద్దుకోవాలి. రెండోదానికి “అవును” అయితే పంటి చుట్టూ కొత్త దారి వెతకాలి.