చీకట్లోనే దొరికే జబ్బు

"ఎట్ల ఆగింది సార్? టక్కున ఆగిందా, గుంజుకుంట గుంజుకుంట ఆగిందా?"

సూర్యాపేట దాటాక విజయవాడ రోడ్డు పక్కన, లారీలకు పంక్చర్లు వేసే రేకుల షెడ్డులో మెకానిక్ నన్ను మొదట అడిగిన మాట ఇది. అప్పటికి పానా చేతిలోకి తీసుకోలేదు. పెట్రోలు అందక ఆగే బండి ఊపిరాడనట్టు నెమ్మదిగా చస్తుంది. కరెంటు పోయి ఆగేది స్విచ్చి కట్టేసినట్టు ఆగుతుంది. ఆ ఒక్క ప్రశ్నతో సగం బండిని పక్కన పెట్టేయొచ్చు.

నాది పాయింట్ల కాలం నాటి బండి. చల్లగా ఉన్నంతసేపు బాగానే నడిచింది. ఇంజిన్ వేడెక్కాక మిస్సింగ్ మొదలై, సైలెన్సర్లో రెండుసార్లు పేలి, టక్కున ఆగింది. కాసేపు నిలబెట్టి కిక్కు కొడితే లేచింది, కొంత దూరం పోయి మళ్లీ పడుకుంది. అదే చెప్పాను.

ఆయన ట్యాంకు మూత దగ్గర చెవి పెట్టి, మెల్లగా తిప్పాడు. ఎందుకో నాకు వెంటనే తట్టింది. మూతలో గాలి లోపలికి పోయే సన్న రంధ్రం మూసుకుపోతే పెట్రోలు కిందికి దిగదు. అప్పుడు కూడా బండి కొంత దూరం పోయి ఆగుతుంది, కాసేపయ్యాక లేస్తుంది. పైకి రెండు జబ్బులూ ఒకేలా ఉంటాయి. మూత తీయగానే గాలి సుయ్యిమని లోపలికి లాగితే దోషం అక్కడే. మాకు ఏ చప్పుడూ వినపడలేదు. కార్బరేటర్ అడుగు స్క్రూ వదులు చేస్తే పెట్రోలు ధారగా వచ్చింది. "పెట్రోలు కాదు" అని స్క్రూ బిగించి, ట్యాపు కట్టేసి, కారింది గుడ్డతో తుడిచి, బండిని నాలుగడుగులు అవతలికి తోయించాడు. నిప్పురవ్వ చూడబోయే ముందు ఈ పని చేయనివాడి చేతికి నేను బండి ఇవ్వను.

ప్లగ్గు విప్పి, క్యాపు తగిలించి, ఇంజిన్ లోహానికి ఆనించి కిక్కు కొట్టమన్నాడు. నీలంగా, చిటుక్కుమని రావాల్సిన రవ్వ పసుప్పచ్చగా, దారప్పోగులా వచ్చింది. ప్లగ్గు మార్చినా అంతే.

అప్పుడాయన షెడ్డు బల్బు ఆర్పేశాడు. పాయింట్ల మీది మూత తీసి, "మళ్లీ కొట్టుండ్రి" అన్నాడు. పాయింట్లు విడిపోయిన చోట ప్రతి కిక్కుకూ తెల్లటి మెరుపు. ప్లగ్గు దగ్గర ఉండాల్సిన బలమంతా ఇక్కడ కాలిపోతోంది. పట్టపగలైతే ఆ మెరుపు ఇంత స్పష్టంగా కనపడేది కాదు.

పాయింట్లు విడిపోయిన క్షణంలో కాయిల్లో కరెంటు ఒక్కసారిగా తెగాలి. అంత వేగంగా తెగితేనే ప్లగ్గు దగ్గర రవ్వ పుట్టేంత వోల్టేజీ వస్తుంది. కానీ తెగే కరెంటు ఆ చిన్న సందులోంచి దూకాలని చూస్తుంది. దాన్ని ఆ కాసేపు తనలోకి తీసుకునేది కండెన్సర్, తూము మూసినప్పుడు ఎగదన్నే నీటిని పట్టే గుంటలాగా. వయసైపోయిన కండెన్సర్ వేడెక్కితే ఆ పని మానేస్తుంది, చల్లారితే మళ్లీ చేస్తుంది. నా బండి రోడ్డు మీద ఆడిన ఆటంతా ఇదే.

ఆయన పాత డబ్బాలో వెతికి ఆటోలోంచి తీసిపెట్టిన కండెన్సర్ ఒకటి పట్టుకొచ్చాడు. పాయింట్ల బండ్లలో చాలావాటికి ఇది 0.2, 0.3 మైక్రోఫారడ్ల మధ్యే ఉంటుంది కాబట్టి ఒకదానిది ఇంకోదానికి పనిచేస్తుంది. లోపల పట్టలేదు. ఇంజిన్ సెగ తగలని చోట, ఫ్రేము మీద రంగును మెరిసేదాకా గీకి, అక్కడ బోల్టుతో బిగించాడు. రంగు మీద బిగిస్తే ఎర్త్ అందదు, కొత్త కండెన్సరైనా ఉన్నా లేనట్టే. పాతదాని వైరు తప్పించి, దీని వైరు పాయింటుకు కలిపాడు. నల్లబడ్డ పాయింట్ల ముఖాలను సన్న ఆకురాయితో రుద్ది, శుభ్రమైన కాగితంతో తుడిచాడు. గ్యాపు దాదాపు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. గేజీ లేదు, దళసరి విజిటింగ్ కార్డు మడతపెట్టకుండా దూర్చి సరిచేశాడు.

బల్బు ఇంకా వెలిగించలేదు. కిక్కు కొడితే పాయింట్ల దగ్గర దాదాపు చీకటే, ప్లగ్గు దగ్గర నీలం. ప్లగ్గు బిగించాక రెండో కిక్కుకు లేచింది. ఇంజిన్ కాలేదాకా అక్కడే నడిపించి చూశాడు, అప్పుడే వెళ్లమన్నాడు.

"పాయింట్లు కాలినయ్ సార్, ఇంటికి పోయినంక కొత్తయి ఏయించుండ్రి. కొన్నాళ్లకు మూత తీసి చూడుండ్రి. ఒక పాయింటు మీద గుట్ట లేసి, ఇంకోదాంట్ల గుంట పడితే ఈ కండెన్సర్ మీ బండికి సరిపోనట్టు."

కొత్త పాయింట్లు వేయించి, కొన్ని వారాలయ్యాక మూత తీసి చూశాను. రెండు ముఖాలూ చదునుగా, లేత బూడిదరంగులో ఉన్నాయి. ఆటో కండెన్సర్ని ఫ్రేము మీద అలాగే ఉంచేశాను.