నోటు ఎన్నిసార్లు తిరగరాస్తే అప్పు ఎంతవుతుంది?

కోనసీమలో అప్పు మాట వస్తే వడ్డీని సాలుకి ఇంత శాతమని ఎవరూ అనరు. 'రెండు రూపాయల వడ్డీ' అంటారు, అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. కొబ్బరి దింపు ఆలస్యమైనా, పిల్ల పెళ్లి కుదిరినా ప్రామిసరీ నోటు మీద సంతకం పడుతుంది. ఆ నోటుకి మూడేళ్లలో కాలదోషం పడుతుంది. అది మురిగిపోకుండా కొంత సొమ్ము కట్టించి వెనక చెల్లు రాయించుకుంటారు, లేదా నోటు తిరగరాయిస్తారు. తిరగరాసిన రోజున అప్పటిదాకా పేరుకున్న వడ్డీ అసలులో కలిసిపోతుంది. బారువడ్డీ అప్పు చక్రవడ్డీగా మారేది ఆ సంతకంతోనే.

మరి మూడేళ్లకు బదులు ఏడాదికోసారి, నెలకోసారి, రోజూ తిరగరాస్తే? అప్పు హద్దు లేకుండా పెరుగుతుందా?

లెక్క తేలికగా ఉండే గడువు తీసుకుందాం. లక్ష రూపాయల అప్పుకి రెండు రూపాయల వడ్డీ చొప్పున 50 నెలల్లో వడ్డీ సరిగ్గా లక్ష అవుతుంది. మధ్యలో తిరగరాయకపోతే మొత్తం 2,00,000. 25వ నెలలో ఒకసారి తిరగరాస్తే అప్పటికి అసలు లక్షన్నర, ఆఖరికి 2,25,000. పది నెలలకోసారి వడ్డీ కలిపితే 2,48,832. అయిదు నెలలకోసారైతే 2,59,374. ప్రతి నెలా కలిపితే 2,69,159. నెలకు ముప్ఫై రోజుల లెక్కన రోజూ కలిపినా 2,71,738 మాత్రమే. నెలవారీ నుంచి రోజువారీకి వచ్చేసరికి ముప్ఫై రెట్లు ఎక్కువసార్లు కలిపాం, పెరిగింది మూడు వేలు కూడా లేదు.

గడువుని n భాగాలు చేస్తే ప్రతి లక్షా (1 + 1/n)^n లక్షలవుతుంది. n పెరిగేకొద్దీ బ్రాకెట్లోని సంఖ్య ఒకటికి దగ్గరవుతుంది, ఘాతం మాత్రం పెరుగుతూ పోతుంది. ఈ పెనుగులాటలో ఏదీ పూర్తిగా గెలవదు. ఫలితం 2.71828... దగ్గర నిలుస్తుంది. స్విట్జర్లాండ్ గణితవేత్త యాకోబ్ బెర్నూలీ 1683లో వడ్డీ లెక్కగానే ఈ ప్రశ్న వేసుకుని, జవాబు రెండున్నరకీ మూడుకీ మధ్య ఉంటుందని చూపాడు. తర్వాత ఆయిలర్ దానికి e అనే గుర్తు పెట్టి, 1748లో అచ్చయిన పుస్తకంలో దాని విలువను 18 దశాంశ స్థానాల దాకా ఇచ్చాడు.

అది అక్కడే ఎందుకు నిలుస్తుందో ఘాతాల గొడవ లేకుండా చూడొచ్చు. వడ్డీ క్షణక్షణం కలుస్తోందనుకోండి. లక్ష అసలు, దాని మీద లక్ష వడ్డీ. ఆ వడ్డీ సున్నా నుంచి లక్షదాకా సమానంగా పెరిగింది కాబట్టి 50 నెలల్లో దాని సగటు నిల్వ యాభై వేలే. అందుకే వడ్డీ మీద వడ్డీ 50,000. ఆ యాభై వేలు మొదట్లో నెమ్మదిగా, చివర్లో వేగంగా పేరుకుంటాయి, వాటి సగటు నిల్వ మూడోవంతు. కాబట్టి తర్వాతి వడ్డీ 16,667. ఆ పై మెట్టు దానిలో నాలుగోవంతు 4,167, ఆ పైది అయిదోవంతు 833, తర్వాత 139, ఆపైన 20. ఒక్కో మెట్టూ అంతకంతకు చిక్కిపోతుంది. అన్నీ కూడితే 2,71,828. అప్పు ఇచ్చినవాడు ఎంత ఆత్రపడినా ఇదే రేటుతో, ఇదే గడువులో ఇంతకు మించి రాదు.

హద్దు ఉందంటే భారం తక్కువని కాదు. బారువడ్డీలో 50 నెలలకు రెట్టింపయ్యే అప్పు నెలనెలా కలిపితే 35 నెలలకే రెట్టింపవుతుంది. కోనసీమ మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1938లో, రాజాజీ ప్రభుత్వం వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం తెచ్చింది. పాత అప్పుల విషయంలో నోటు ఎన్నిసార్లు తిరగరాసినా మొదట ఇచ్చిన సొమ్మునే అసలుగా చూడాలని, రైతు దానికి రెండింతలు కట్టి ఉంటే అప్పు తీరినట్టేనని అందులో ఉంది. తిరగరాతతో అసలు పెంచే దారిని మూసిన ఆ నిబంధన నాకు ఎంతో న్యాయంగా కనిపిస్తుంది.

పాత నోటు లెక్క సరిచూసుకోవడానికి e ఈనాటికీ పనికొస్తుంది. లక్ష అప్పు, రెండు రూపాయల వడ్డీ, ఆరేళ్లు, మధ్యలో ఏమీ కట్టలేదనుకుందాం. 72 నెలలని 50తో భాగిస్తే 1.44. దీనికి ఒకటి కలిపితే బారువడ్డీ లెక్క: 2,44,000. మూడేళ్లకొకసారి తిరగరాస్తే 1.72ని 1.72తో గుణించాలి: 2,95,840. క్షణక్షణం కలిపితే e^1.44, సుమారు 4,22,000. ఫోన్ కాలిక్యులేటర్ చాలు. అడుగుతున్న మొత్తం మొదటి రెంటి మధ్య ఉంటే తిరగరాత తేదీలు చూడాలి. రెండోదాన్ని దాటితే, ఒప్పుకోకుండానే వడ్డీ మీద వడ్డీ మరింత తరచుగా కలిపారేమో అడగాలి. నాలుగు లక్షల ఇరవై రెండు వేలు కూడా దాటితే ఏ చక్రవడ్డీ ఆ అంకెను సమర్థించలేదు. అప్పుడు నోటులో రాసిన రేటు, మొదటి తేదీ, మధ్యలో తీసుకున్న కొత్త బాకీ, ఈ మూడూ కాగితం మీద విడివిడిగా చూపించమనాలి.