ముల్లు గుచ్చుకోని కాలు

గజ్జల్లో బిళ్ళ కట్టిందని వచ్చే మగవాళ్ళలో చాలామంది ముందు కాలు చూపిస్తారు. ముల్లు గుచ్చుకుందంటారు, చెప్పు కరిచిందంటారు. కొట్టిపారేయడానికి లేదు. పాదం మీద పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుందని మన ఊళ్ళల్లో అమ్మమ్మలకు కూడా తెలుసు. అయితే కాలి పుండుకు కట్టే బిళ్ళ ఒకచోట, మర్మాంగం మీది పుండుకు కట్టేది ఇంకోచోట.

గజ్జల్లో లింఫ్ గ్రంథులు రెండు వరసలుగా ఉంటాయి. తొడ మీదికి నిలువుగా దిగే వరస ముఖ్యంగా కాలిది. పొత్తికడుపూ తొడా కలిసే మడత వెంట అడ్డంగా పోయే వరస జననాంగాల చర్మానిది, మలద్వారం చుట్టుపక్కలది, పిరుదులది. వృషణాల దారి మాత్రం వేరు, వాటి రసం కడుపు లోపలి గ్రంథులకు పోతుంది. ఆడవాళ్ళలో గర్భాశయ ముఖద్వారం కూడా అంతే. అందుకే వాళ్ళకు లోపల పుండున్నా గజ్జల్లో ఏమీ తగలకపోవచ్చు.

మొన్నామధ్య ఇరవయ్యారేళ్ళ ఎలక్ట్రీషియన్ ఒకతను ఎడమకాలు ఎడంగా వేస్తూ వచ్చాడు. పది రోజులుగా బిళ్ళ, రాత్రిళ్ళు జ్వరం. "ముల్లు గుచ్చుకుంది సార్. వేడి కూడా చేసిందేమో" అన్నాడు. వేడి మాటకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఒకప్పుడు ఐరోపా వైద్యులూ ఇదే బిళ్ళను ఉష్ణదేశాల వాతావరణం వల్ల వచ్చిందనుకుని ఆ పేరే పెట్టారు.

పాదంలో పుండు లేదు, పాత మచ్చ ఒకటుంది. పడుకోబెట్టి దగ్గమన్నాను. దగ్గితే ఉబ్బలేదు కాబట్టి హెర్నియా అయ్యే అవకాశం తక్కువ. బిళ్ళలు అడ్డ వరసలో ఒకదానికొకటి అతుక్కున్నాయి, ముట్టుకుంటే ఉలిక్కిపడుతున్నాడు. మడత దగ్గరుండే గట్టి నార పట్టీకి పైన కొన్ని, కింద కొన్ని ఉబ్బి మధ్యలో గాడి పడింది. ఆ గాడి అందరిలోనూ కనిపించదు, కనిపిస్తే మాత్రం నా అనుమానం ఎల్‌జీవీ మీదికి పోతుంది. క్లమీడియా జాతిలో ఒక రకం సూక్ష్మజీవి తెచ్చే జబ్బు అది.

తలుపు వేసి మళ్ళీ అడిగాను. మూడు వారాల కిందట మర్మాంగం మీద చిన్న పొక్కులాంటిది లేచిందట, నొప్పి లేదు, నాలుగు రోజుల్లో దానంతటదే పోయిందట. ఎల్‌జీవీతో చిక్కే అది. పుండు మాయమయ్యాక బిళ్ళ కడుతుంది, మనిషి ఆ రెండింటికీ ముడి పెట్టుకోడు. సిఫిలిస్‌లో పుండూ నొప్పి పుట్టదు, బిళ్ళలూ నొప్పి పుట్టవు. రబ్బరు ముక్కల్లా విడివిడిగా తగులుతాయి. హెర్పిస్ మొదటిసారి వస్తే నీటిపొక్కుల గుంపు, మంట, రెండు వైపులా నొప్పి బిళ్ళలు ఉంటాయి కానీ చీము పట్టవు. నొప్పి పుండూ ఒకవైపు చీము బిళ్ళా కలిసి కనిపించే షాంక్రాయిడ్ ఇప్పుడు అరుదు.

ఎల్‌జీవీని నిర్ధారించే పరీక్ష అన్నిచోట్లా దొరకదు. అందుకని లక్షణాలను బట్టే మందు మొదలుపెడతాం. హెచ్ఐవీకి, సిఫిలిస్‌కు రక్తం తీయించి, డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 21 రోజులు రాశాను. జ్వరం రెండో మూడో రోజుకే దిగుతుంది, జనం అక్కడే మానేస్తారు. "బిళ్ళ కరిగినా కరగకపోయినా ఇరవై ఒక్క రోజులూ మింగాలి" అని రెండుసార్లు చెప్పించుకున్నాను.

బిళ్ళ మెత్తబడి లోపల చీము కదులుతోంది. ఊళ్ళో ఒకాయన బ్లేడు పెడతానన్నాడట, ఇతను భయపడి పారిపోయి వచ్చాడు. ఆ భయమే కాపాడింది. కోస్తే ఆ గాయం మానక, నెలల తరబడి చీము కారే రంధ్రం మిగలొచ్చు. లావు సూదిని బిళ్ళ మీద కాక, పైన ఆరోగ్యంగా ఉన్న చర్మంలోంచి ఏటవాలుగా దించి చీము లాగాను. పన్నెండు మిల్లీలీటర్లు వచ్చింది. అతను అప్పుడే కాలు చాపుకోగలిగాడు. మళ్ళీ నిండితే మళ్ళీ లాగాలి. మందు పూర్తయ్యాకా తగ్గకపోతే, లేదా బిళ్ళ నొప్పి లేకుండా రాయిలా గట్టిపడితే, క్షయో క్యాన్సరో అని ముక్క తీసి చూడాలి.

ఇక మిగిలింది భార్య. గత రెండు నెలల్లో కలిసిన వాళ్ళందరినీ చూడాలన్నాను. మిగతావాళ్ళ సంగతి అడిగితే నీళ్ళు నమిలాడు. వారం తర్వాత ఆమెను తీసుకొచ్చాడు. నాలుగో నెల. కడుపుతో ఉన్నవాళ్ళకు డాక్సీసైక్లిన్ ఇవ్వం, వేరే మందు చూడాలి. ముందు రక్తపరీక్షల చీటీ చేతికిచ్చాను. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసి అంది: "ముల్లు గుచ్చుకుంది ఆయనకు కదండీ, పరీక్షలు నాకెందుకు?"

అతను నా వైపు చూశాడు. నేను కలం మూత పెట్టి, అతను నోరు తెరిచేదాకా ఆగాను.